ఆరు నిమిషాల వీడియో, పసుపు రంగు కార్డు

గజ్జల్లో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళకు చూపించడానికి కోస్తాలో ఒక ఆసుపత్రివాళ్ళు తయారుచేసుకున్న వీడియో తాలూకు స్క్రిప్టు నా ముందుంది. మొత్తం పదకొండు పేజీలు. ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేశారు. ఎడమ పక్క తెర మీద కనిపించేది, కుడి పక్క నర్సు చెప్పే మాట. రాసినవాళ్ళు ఇద్దరు: ఒక మత్తు డాక్టరు, థియేటర్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక నర్సు. సినిమా కథలు చదివే అలవాటున్నవాళ్ళకు ఇందులో ఏమీ కనబడకపోవచ్చు. గొంతు పెంచే మాట ఒక్కటీ లేదు. కానీ ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఇక్కడే ఎందుకుంది, ఇలాగే ఎందుకుంది అని అడుగుతూ పోతే ఆ పనితనం నెమ్మదిగా బయటపడుతుంది.

ముందు ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో. పొత్తికడుపు గోడలో గజ్జ దగ్గర బలహీనమైన చోటు నుంచి పేగో, దాన్ని కప్పి ఉండే కొవ్వు పొరో ముందుకు తోసుకొస్తుంది. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు ఉబ్బు కనిపిస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. డాక్టరు దాన్ని లోపలికి నెట్టి, బలహీనంగా ఉన్న చోట మెష్ అనే సన్నని వల వేసి కుట్టేస్తారు. నడుం కింద మత్తుతో గంటలోపు అయిపోయే పని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చాలామంది అదే రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు. చిన్న ఆపరేషనే. అయితే ముందు రోజు రాత్రి నుంచి ఇంట్లో జరిగే ప్రతిదీ, అంటే తినడం, తాగడం, మాత్రలు, స్నానం, అంతా ఆసుపత్రివాళ్ళ కంటికి కనబడకుండా జరుగుతుంది. అక్కడ వాళ్ళకున్న మనిషి ఈ వీడియో ఒక్కటే.

స్క్రిప్టులో మొదట నన్ను ఆపింది, అందులో లేని విషయాలు. ఎన్ని గంటలకు రావాలో లేదు. ఏ మాత్ర మానాలో లేదు. ఎన్నింటి దాకా నీళ్ళు తాగొచ్చో లేదు. వాటికి బదులు నర్సు చేతిలో పసుపు రంగు కార్డు ఒకటి కనిపిస్తుంది. "మీ చేతిలో కూడా ఇలాంటి కార్డే ఉంటుంది. లేకపోతే ఇప్పుడే అడిగి తీసుకోండి" అంటుంది. తర్వాత వీడియో మూడు సెకన్లు ఆగుతుంది. స్క్రిప్టులో ఆ విరామాన్ని ఎర్ర పెన్నుతో రాసి, కింద గీత కూడా గీశారు. చూసేవాళ్ళు కార్డు కోసం జేబులు తడుముకోవడానికి ఆ టైము.

ఈ విభజన మీదే స్క్రిప్టంతా నిలబడింది. అందరికీ ఒకటే అయిన విషయం వీడియోలోకి వెళ్ళింది, మనిషిని బట్టి మారేది కార్డులోకి వెళ్ళింది. చెబితే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది పాటించని వీడియో ఏం చేస్తుందో చూడండి. "ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకండి" అంటుంది. ఇంటి దగ్గర పెద్దాయనకు తన ఆపరేషన్ ఎన్నింటికో తెలియదు. తెల్లవారి పదిన్నర అని ఎవరో అన్నారు, కాదు మధ్యాహ్నం అని ఇంకెవరో అన్నారు. అందులోంచి ఆరు గంటలు తీసేసి లెక్క కట్టుకోవడం ఆయన పని కాదు. ఆ లెక్క ఆసుపత్రి కట్టాలి. కార్డు మీద నర్సు గడియారం బొమ్మలో ముల్లు గీసి ఇస్తుంది. వీడియో ఆ ముల్లును ఎలా చదువుకోవాలో మాత్రమే చెబుతుంది.

ఇక తిండి సంగతి. పదకొండు పేజీల్లో మూడు పేజీలు దీనికే పోయాయి.

కడుపులో ఏమైనా ఉండగా మత్తిస్తే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. మెలకువగా ఉన్నప్పుడు పొలమారితే దగ్గి బయటపడతాం. పూర్తి మత్తులో ఆ దగ్గు రాదు. 1946లో న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ అనే ప్రసూతి వైద్యుడు ఈ సంగతి లెక్కలతో చూపించాడు. 44 వేలకు పైగా కాన్పుల రికార్డులు తిరగేస్తే, మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినవి 66 కేసులు దొరికాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఒకటే మాట: అర్ధరాత్రి దాటాక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దు. ఆ మాటలో భద్రత ఉంది, కాస్త అతి కూడా ఉంది. నీళ్ళు కడుపులో ఎక్కువసేపు నిలవవని, రెండు గంటల్లో దాదాపు దిగిపోతాయని తేలింది. 1999లో అమెరికా మత్తు వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో మంచినీళ్ళకు రెండు గంటలు, తేలికపాటి టిఫినుకు ఆరు గంటలు అని విడదీసి రాసింది. నూనె, మాంసం ఉన్న భోజనానికి ఎనిమిదో అంతకంటే ఎక్కువో గంటలు పట్టవచ్చు. పాలు చూడటానికి ద్రవమే గానీ, కడుపులోని ఆమ్లం తగలగానే విరిగి గడ్డకడతాయి. అందుకే పాలను తిండి కింద లెక్క వేస్తారు. వాటికీ ఆరు గంటలే.

ఇప్పుడు స్క్రిప్టులో ఈ భాగం మొదటి రూపం చూడండి. నర్సు ఆ పాత కాగితం పారేయకుండా దీని వెనకే పిన్ను చేసి పెట్టింది. "ఆపరేషన్ రోజు పరగడుపున రావాలి. ఏమీ తినకూడదు" అని ఉంది. ఎవరికైనా అర్థమయ్యే తెలుగే. ఆ మాట విన్నవాళ్ళను, మీరు ఆ పొద్దున ఏం చేస్తారు అని అడిగితే వచ్చిన జవాబులు పక్కన పెన్సిలుతో రాసి ఉన్నాయి. "ఏమీ తినను, టీ తాగి వస్తాను." "మజ్జిగ తాగుతాను, అది తిండి కాదుగా." "బీపీ మాత్ర కూడా వేసుకోను." "రాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టను." వాక్యం ఒకటే, వినిపించినవి నాలుగు. మన ఇళ్ళల్లో టీ నిజంగానే తిండి కాదు. పళ్ళు తోముకోగానే గొంతులో పడాల్సిన సంగతి అది. పరగడుపున టీ తాగాను అని మనమే అంటాం, అందులో మనకే తేడా కనబడదు.

కొత్త రూపంలో తినకూడదు అనే మాట ఒంటరిగా ఎక్కడా రాదు. తెర మీద ఒక బల్ల. దాని మీద వరుసగా ఇడ్లీ ప్లేటు, పెరుగన్నం గిన్నె, పాల గ్లాసు, టీ గ్లాసు, మజ్జిగ చెంబు, అరటిపండు, బిస్కట్ ప్యాకెట్, కిళ్ళీ, ఖైనీ పొట్లం, మంచినీళ్ళ సీసా. నర్సు ఒక్కోదాని పేరు చెప్పి పక్కకు తీసేస్తుంది. "ఇడ్లీ వద్దు. పెరుగన్నం వద్దు. పాలు వద్దు. టీలో పాలుంటాయి కాబట్టి టీ వద్దు. మజ్జిగ వద్దు." చివరికి బల్ల మీద మంచినీళ్ళ సీసా ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కార్డు మీది రెండు గడియారాలు కనిపిస్తాయి. పెద్దది తిండి అంతా ఆపేసే టైము, చిన్నది నీళ్ళు ఆపేసే టైము.

ఈ బల్ల సీనులో ఒక తెలివైన నష్టం ఉంది. మార్గదర్శకాల ప్రకారం పాలు లేని టీ, కాఫీ డికాక్షన్ కూడా మంచినీళ్ళతో సమానమే, రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. స్క్రిప్టు ఆ వెసులుబాటును కావాలనే వదిలేసింది. పాలు లేని టీ తాగొచ్చు అని ఒకసారి అంటే, చుక్క పాలు పోస్తే ఏమవుతుందిలే అనే తలుపు తెరుచుకుంటుంది. నేనైతే డికాక్షన్ ఒప్పుకునేవాణ్ణి. రోజూ కాఫీ తాగేవాళ్ళకు అది దొరక్కపోతే పదకొండింటికల్లా తలపోటు మొదలవుతుంది. మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. ఆయన లెక్క వేరు. తలపోటు వస్తే మాత్ర ఉంది, టీలో పాలు పడితే ఆపరేషన్ వాయిదా.

కార్డు ఎంత పని చేస్తుందో ఇద్దరి విషయంలో చూద్దాం. ఇద్దరిదీ ఒకే రోజు, ఒకే థియేటరు. మొదటాయనకు షుగరు ఉంది. అలాంటివాళ్ళను ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు కాబట్టి జాబితాలో ముందు పెట్టారు, ఎనిమిదిన్నరకు. ఆయన కార్డు మీద పెద్ద గడియారం రాత్రి పది చూపిస్తుంది, చిన్నది తెల్లవారి ఆరు. ఆరు గంటల లెక్కన తెల్లవారుజాము రెండున్నర దాకా తినొచ్చు గానీ, ఆ వేళకు లేచి తినేదెవరు? అందుకని రాత్రి భోజనంతో సరిపెట్టేశారు. రెండో ఆయనది మధ్యాహ్నం ఒంటిగంటకు. పాత పద్ధతిలో ఈయన కూడా అర్ధరాత్రి నుంచి నీళ్ళు లేకుండా పదమూడు గంటలు కూర్చోవాలి. ఈయన కార్డు మీద పెద్ద గడియారం ఉదయం ఆరు చూపిస్తుంది, పక్కన రెండు ఇడ్లీల బొమ్మ కూడా ఉంది. చిన్న గడియారం పదిన్నర. రెండు గంటల లెక్క ప్రకారం పదకొండు అని ఉండాలి. ముందున్న కేసు త్వరగా అయిపోతే ఈయన్ని ముందుకు జరుపుతారేమోనని అరగంట తగ్గించి పెట్టారు. వీడియో మాత్రం ఇద్దరికీ ఒకటే. "చిన్న గడియారం దాకా నీళ్ళు తాగండి" అంటుంది. గమనించండి, తాగొచ్చు అనలేదు, తాగండి అంది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి వచ్చే మనిషికి సెలైన్ సూది పెట్టడానికి నరం దొరకడం కూడా కష్టమే.

నడుం కింద మత్తే కదా, మనిషి మెలకువగానే ఉంటాడు కదా, మరి ఈ పస్తు దేనికి? ఈ ప్రశ్న చదువుకున్నవాళ్ళు తప్పకుండా అడుగుతారని ఊహించి, తెర మీద కొడుకు పాత్ర చేత అడిగించారు. నర్సు జవాబు: "ఒక్కోసారి నడుం మత్తు చాలదు బాబూ. అప్పుడు పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. దానికి కూడా ముందే సిద్ధంగా ఉండాలి." అంతే, అక్కడ ఆపేసింది. ఇంకో వాక్యం పొడిగిస్తే భయం మొదలయ్యేది.

ప్రసాదం గురించి ఒక వాక్యం ఉంది, అది నర్సు పెట్టించిందట. ఆపరేషన్ రోజు పొద్దున్నే గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి రావడం మనవాళ్ళకు మామూలు. పంచామృతంలో పాలు, పెరుగు, తేనె అన్నీ ఉంటాయి. డాక్టరు రాస్తే గుడికి వెళ్ళవద్దు అని రాసేవాడేమో. నర్సు రాసింది ఇది: "గుడికి వెళ్ళి రండి బాబాయ్ గారూ. ప్రసాదం మాత్రం పిన్నిగారు కళ్ళకద్దుకుని దాచి ఉంచుతారు, సాయంత్రం తీసుకుందురుగాని." ఇందులో నిషేధం ఉంది, అది గుచ్చుకోదు.

ఆ వెంటనే వచ్చే మాట ఈ మూడు పేజీల్లోనూ ముఖ్యమైనదని నాకనిపిస్తుంది. "పొరపాటున ఏమైనా తిన్నా, తాగినా, వచ్చి మాకు చెప్పండి. ఎవరూ ఏమీ అనరు. ఆపరేషన్ కొంచెం ఆలస్యంగా చేస్తాం." ఇది లేకపోతే టీ తాగిన మనిషి నోరు విప్పడు. ఇంత దూరం వచ్చాం, కొడుకు సెలవు పెట్టాడు, ఇప్పుడు చెబితే వెనక్కి పంపేస్తారు అనుకుని అబద్ధం ఆడతాడు. నిబంధన ఎంత బాగా రాసినా తప్పేవాళ్ళు ఉంటారు. తప్పినవాడికి నిజం చెప్పడానికి దారి చూపించి పెట్టడం రాసినవాళ్ళ ముందుచూపు.

మాత్రల సంగతి దీనికంటే చిక్కుది. అందుకే వీడియో అక్కడ తక్కువ మాట్లాడుతుంది. బీపీ మాత్రల్లోనే కొన్ని ఆ పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసుకోవాల్సినవి, కొన్ని ఆ ఒక్కరోజు మానాల్సినవి ఉంటాయి. షుగరు మాత్రలు ఏమీ తినని పొద్దున వేసుకుంటే చక్కెర పడిపోవచ్చు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు రక్తం పలచబడే మాత్ర తమంతట తాము మానేస్తే, హెర్నియా కంటే పెద్ద ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త తరం షుగరు మాత్రలైతే కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే పరీక్షలో చక్కెర మామూలుగా కనబడుతూనే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే అవకాశం ఉంది. ఆ మాత్ర ఇప్పుడు మన ఊళ్ళ మందుల షాపుల్లో రకరకాల పేర్లతో దొరుకుతుంది.

ఇవన్నీ వీడియోలో చెబితే? చూసేవాడికి ఒక్కటి గుర్తుంటుంది, అది బహుశా తనది కాదు. అందుకని స్క్రిప్టు ఒకే పని చెబుతుంది. "మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని రండి. డబ్బాలు కాదు, షీట్లు తీసుకురండి." షీట్లు ఎందుకంటే, ఖాళీ అయిన డబ్బాలో ఇంకో మందు పోసుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. షీటు వెనక మందు అసలు పేరు ఉంటుంది. ఆయుర్వేదం మందులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు కూడా తెమ్మంటుంది. కవరు తెచ్చాక డాక్టరు కార్డు వెనక ఒక్కో మాత్ర ముక్కను అంటించి, పక్కన సూర్యుడి బొమ్మ గీస్తే ఆ పొద్దున వేసుకోవాలని, అడ్డగీత గీస్తే మానాలని అర్థం. చదువు రానివాళ్ళకు కూడా ఇబ్బంది లేదు.

ఇక్కడే స్క్రిప్టు నిర్మాణంలో ఇంకో సంగతి తెలుస్తుంది. మూడు రోజుల ముందు ఆపాల్సిన మందు ఉన్నప్పుడు, ముందు రోజు రాత్రి చూసే వీడియో వల్ల లాభం లేదు. కాబట్టి దీన్ని నాలుగు ముక్కలు చేశారు. మొదటి ముక్క ఓపీలో, ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే చూపిస్తారు. అందులో మాత్రల కవరు, బీడీ సిగరెట్లు మానడం, దగ్గు ఉంటే చెప్పడం ఉన్నాయి. మిగతా మూడింటినీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళ వాట్సాప్‌కు పంపుతారు. రెండోది ముందు రోజుది, మూడోది ఆ పొద్దునది, నాలుగోది థియేటర్ లోపలిది. ఏ ముక్కా రెండు నిమిషాలు దాటదు. ముందు రోజు సాయంత్రం కోడలు ఫోన్ పట్టుకుని మామగారికి చూపించేటప్పుడు, అప్పటికి కావలసినది మాత్రమే ఉంటుంది.

దగ్గు సంగతి కూడా చెప్పాలి, అది హెర్నియాకు ప్రత్యేకం. కొత్తగా కుట్టిన చోట లోపలి నుంచి గుద్దినట్టు పడే దెబ్బ దగ్గు. అందుకే "జలుబు, దగ్గు, జ్వరం వస్తే దాచిపెట్టుకుని రావద్దు, కార్డు మీది నంబరుకు ఫోన్ చేయండి. తేదీ మారుస్తాం, అంతకంటే ఏమీ లేదు" అంటుంది. తేదీ మారుతుందనే భయంతోనే మనుషులు దగ్గును దాస్తారు. ఆ భయాన్ని ముందే బయటకు తీసి చిన్నది చేసింది.

ముందు రోజు భాగంలో స్నానం, గోళ్ళు, నగలు అన్నీ చకచకా అయిపోతాయి. ఒక్కచోట మాత్రం కెమెరా దగ్గరికి వెళుతుంది. గజ్జల్లో ఆపరేషన్ అనగానే మన మగవాళ్ళు చేసే మొదటి పని బ్లేడు పట్టుకోవడం. డాక్టరుకు శుభ్రంగా కనబడాలని, మర్యాద కోసం. ఆ బ్లేడు చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది. రాత్రంతా ఆ గాట్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, తెల్లారేసరికి కత్తి పడాల్సింది సరిగ్గా అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: వెంట్రుకలు తీయకపోవడమే మేలు, తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో తీయాలి, బ్లేడుతో కాదు. స్క్రిప్టులో నర్సు ఈ శాస్త్రమంతా చెప్పదు. క్లిప్పర్ యంత్రం చేతిలో పట్టుకుని చూపించి, "ఆ పని మేమే దీంతో చేస్తాం. ఇంటి దగ్గర బ్లేడు ముట్టొద్దు. వెంట్రుకలు ఉన్నాయని మేమేమీ అనుకోం" అంటుంది. చివరి వాక్యం లేకపోతే మొదటి రెండూ పనిచేయవు. బ్లేడు పట్టించేది మొహమాటం కాబట్టి, జవాబు కూడా దానికే చెప్పింది.

మొలతాడు దగ్గర కూడా ఇదే ఒడుపు. ఈ ఆపరేషన్‌కు కోత పడే చోటికి అది బెత్తెడు దూరంలో ఉంటుంది. చెమట, మట్టి పట్టి ఉంటుంది. వెండిదైతే, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల అక్కడ చర్మం కాలే ప్రమాదం కూడా ఉంది. కానీ మొలతాడు తెంచడం అపశకునంగా భావించేవాళ్ళున్నారు. థియేటర్ గుమ్మంలో, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, పక్కవాళ్ళు లేకుండా కత్తెర వేస్తే ఆ మనిషి లోపలికి వెళ్ళేటప్పటికే గుండె దడదడలాడుతుంది. స్క్రిప్టు ఆ పనిని ముందు రోజుకు, ఇంటికి జరిపింది. "మొలతాడు, తాయెత్తు ఇంట్లో మీరే తీసి దేవుడి దగ్గర పెట్టి రండి. గాయం మానాక మళ్ళీ కట్టుకుందురుగాని." జరిగే పని అదే. కానీ మనిషి చేతుల మీదుగా జరిగింది.

నాలుగో ముక్క థియేటర్ లోపల. ధైర్యం చెప్పాల్సిన చోటు ఇదే. ఇక్కడ భయపడకండి అనే మాట ఒక్కసారి కూడా రాదు. దానికి బదులు ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో, ఒంటికి ఏం తెలుస్తుందో వరుసగా చెబుతారు. గది చల్లగా ఉంటుంది, దుప్పటి అడగండి. చేతికి బీపీ పట్టీ కడతారు, అది మాటిమాటికీ దానంతట అదే బిగుసుకుంటుంది. వేలికి క్లిప్పు పెడతారు, దాంతో మీ గుండె కొట్టుకుంటున్నట్టే యంత్రం టిక్ టిక్‌మంటుంది. ఆ చప్పుడు ఆగాగి వస్తే కంగారు పడొద్దు, వేలు కదిలినా అలాగే అవుతుంది.

ఇలా చెప్పడం మర్యాదకో, తీపి మాటలకో చేసింది కాదని 1964లోనే తేలింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్‌బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు కడుపు ఆపరేషన్లకు వచ్చిన 97 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు, ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది, కండరాలు ఎలా వదులు చేసుకోవాలి, ఎలా పక్కకు తిరగాలి అని ముందే విడమర్చి చెప్పారు. రెండో జట్టుకు ఆ వివరం చెప్పలేదు. చెప్పించుకున్నవాళ్ళకు నొప్పి తగ్గించే మార్ఫిన్ తరహా మందు దాదాపు సగమే పట్టింది, ఇళ్ళకు కూడా ముందే వెళ్ళారు.

వెన్నులో మత్తు సూది దగ్గర రాసిన మాటలు ఇంకా జాగ్రత్తగా ఉన్నాయి. మొదటి రాతలో "చీమ కుట్టినట్టు ఉంటుంది" అని ఉండేది. దాన్ని కొట్టేశారు. సూది గుచ్చే ప్రతివాళ్ళూ అనే మాట అది, ఎవరూ నమ్మరు. పైగా చీమకంటే ఎక్కువ నొప్పి పుడితే, ఆ తర్వాత చెప్పేవన్నీ కూడా అబద్ధాలే అనుకుంటారు. ఇప్పుడున్న మాట: "బల్ల అంచున కూర్చోబెడతారు. దిండు కౌగిలించుకుని, గడ్డం గుండెకు ఆనించి, నడుం ముందుకు వంచండి. ముందు చల్లటి మందు పూస్తారు. తర్వాత సూది. మామూలు ఇంజెక్షన్ అంత నొప్పి ఉంటుంది, కాసేపు లోపల ఒత్తినట్టు తెలుస్తుంది. అప్పుడు కదలొద్దు. నొప్పిగా ఉంటే నోటితో చెప్పండి, మేం ఆగుతాం." నడుం అలా వంచితే వెన్నుపూసల మధ్య సందులు తెరుచుకుంటాయి, సూదికి దారి దొరుకుతుంది. నోటితో చెప్పండి అనడంలో కదలకుండా ఉండటానికి మనిషి చేతికి ఒక సాధనం ఇచ్చినట్టయింది. నోరు మూసుకుని భరించమంటే ఒళ్ళే కదులుతుంది.

ఆ సూది వేయించుకుంటే జీవితాంతం నడుం నొప్పి అని ఊళ్ళల్లో గట్టి నమ్మకం. దాన్ని ఎగతాళి చేయకుండా ఒక బొమ్మతో జవాబు చెప్పారు. వెన్నుపాము ఎక్కడ ఆగిపోతుందో, దానికి దిగువన సూది ఎక్కడ గుచ్చుతారో ఆ బొమ్మలో కనిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండవచ్చని ఒప్పుకుంటుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం ఫోన్ చేయమంటుంది. నిజం కొంచెం ఒప్పుకుంది కాబట్టే మిగతాది నమ్మబుద్ధవుతుంది. తర్వాత కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, మన మాట వినకుండా పోతాయని, మూడు నాలుగు గంటల్లో మళ్ళీ వస్తాయని చెబుతుంది. ఆపై ఇది: "లోపల లాగుతున్నట్టు, తడుముతున్నట్టు తెలుస్తుంది. నొప్పి తెలియదు." ఈ తేడా ముందే తెలియని మనిషి, లాగడం తెలియగానే మత్తు ఎక్కలేదని హడలిపోతాడు.

అంతకు ముందే పేరు అడిగే సీను ఒకటి ఉంది. వార్డులో ఒకసారి, థియేటర్ గుమ్మంలో ఒకసారి, బల్ల మీద ఒకసారి పేరు, ఏ పక్క ఆపరేషన్ అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టులో భాగం ఇది. "మర్చిపోయి అడగడం లేదు, మీకోసమే అడుగుతున్నాం" అని వీడియో ముందే చెబుతుంది. అడిగే తీరు కూడా చూపిస్తుంది. మీరు ఫలానా కదండీ అని నర్సు అనదు. మీ పేరు చెప్పండి అంటుంది. కుడి పక్కేనా అనదు. ఏ పక్కో చేత్తో చూపించండి అంటుంది. అవునా అని అడిగితే చెవి సరిగా వినబడని పెద్దాయన తల ఊపేస్తాడు. చెప్పమంటే ఊపడానికి వీల్లేదు. ఆపరేషన్ చేయాల్సిన వైపు డాక్టరు పెన్నుతో గీసిన బాణం గుర్తు ఉంటుంది, అది చెరిగిపోతే చెప్పమని కూడా గుర్తు చేస్తుంది.

అదే ఒడుపు వీడియో అయిపోయాక, స్క్రిప్టు చివరి పేజీలో మళ్ళీ కనబడుతుంది. ఈ పేజీ తెర మీద రాదు, వీడియో చూపించిన నర్సుకు ఇచ్చేది. అర్థమైందా అని అడగొద్దని మొదటి పంక్తిలోనే రాశారు. అర్థమైందా అంటే ఎవరైనా ఆఁ అంటారు. అడగాల్సింది: "బాబాయ్ గారూ, ఇంటికెళ్ళాక పిన్నిగారికి ఈ సంగతి ఎలా చెబుతారో నాకోసారి చెప్పండి." ఆయన చెప్పేటప్పుడు నర్సు వినాల్సినవి మూడే. కార్డు మీది రెండు గడియారాలకు తేడా చెప్పగలిగాడా, మాత్రల షీట్ల మాట వచ్చిందా, తనతో పాటు ఆపరేషన్ రోజు రాత్రి ఎవరుంటారో చెప్పాడా. మూడింట్లో ఏది రాకపోయినా ఆ ముక్క మళ్ళీ చూపించాలి. తప్పు చెప్పినచోట ఆయనేమన్నాడో ఆయన మాటల్లోనే మార్జిన్లో రాసిపెట్టాలి. టీ, మజ్జిగ జవాబులు దొరికింది అలాగే. ఈ కాపీ మార్జిన్లో కొత్తగా రాసిన మాట ఒకటుంది, ఇంకా స్క్రిప్టులోకి ఎక్కలేదు: "నీళ్ళు తాగమన్నారు కదమ్మా, గ్లూకోజ్ పొడి కలుపుకోవచ్చా?"